తెల్లారేసరికి చల్లారిపోయే వేడి

రాత్రి ఛార్జింగ్‌లో ఒక చిక్కుంది. ప్లగ్గు వేడెక్కేది మనం నిద్రలో ఉన్నప్పుడు, మనం దాన్ని ముట్టుకునేది తెల్లారాక. తొమ్మిదింటికి ఛార్జింగ్ పెడితే స్కూటర్ రెండింటికల్లా నిండుతుంది, ఛార్జర్ తనంతట తానే ఆగిపోతుంది. ఆరింటికి వెళ్లి ప్లగ్గు లాగేసరికి పిన్నులు, గోడ, వైరు అన్నీ చల్లగా ఉంటాయి. ఆ చల్లదనాన్ని చూసుకుని నేను నెలల తరబడి హాయిగా నిద్రపోయాను.

మాది తెనాలిలో పాత ఇల్లు. నాన్న 1990లలో కట్టించారు. ఆ రోజుల్లో వరండా బోర్డు అంటే ఒక బల్బు స్విచ్, పండగలకు సీరియల్ లైట్లు పెట్టుకోవడానికి ఒక చిన్న సాకెట్టు, అంతే. 2023లో స్కూటర్ కొన్నప్పుడు నా కంటికి మొదట కనబడింది ఆ సాకెట్టే. బండి వరండాలోనే ఆగుతుంది, సాకెట్టు చేతికందేంత దూరంలో ఉంది, ఇంకేం కావాలి అనిపించింది.

షోరూంలో కుర్రాడు బండి అప్పగిస్తూ, "సార్, దీనికి పదహారు ఆంపియర్ల పాయింటు ఉండాలి, ఎర్తింగ్ ఉండాలి" అని చెప్పాడు. ఛార్జర్ వైరు చివర ఉన్న ప్లగ్గు కూడా అదే మాట చెబుతోంది. అది గీజరుకు, ఏసీకి ఉండే లావు మూడు పిన్నుల ప్లగ్గు. మా వరండా సాకెట్టులో అది పట్టదు. నేను ఛార్జర్ వెనక అంటించిన చీటీ చదివాను. సుమారు 800 వాట్లు తీసుకుంటుంది. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే మూడున్నర ఆంపియర్లు. మా సాకెట్టు ఆరు ఆంపియర్లది. ఆరు కంటే మూడున్నర తక్కువే కదా, పదహారు ఆంపియర్ల సాకెట్టు ఎందుకట? కంపెనీవాళ్లు అతి జాగ్రత్తకు చెబుతున్నారని తేల్చుకుని, బజారుకు వెళ్లి ఒక కన్వర్షన్ ప్లగ్గు కొనుక్కొచ్చాను. లావు పిన్నులను ఒక పక్క తీసుకుని, ఇంకో పక్క సన్న పిన్నులతో చిన్న సాకెట్టులో కూర్చునే రకం. మీలో చాలామంది ఇళ్లలో కూడా అది ఏదో ఒక డ్రాయర్లో ఉండే ఉంటుంది.

అలాగని భయం లేక చేసిన పని కాదు. 2022 ఏప్రిల్లో విజయవాడలోను, నిజామాబాద్‌లోను ఇళ్లలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ వార్తలు నాకు బాగా గుర్తున్నాయి. అందుకే బండిని ఇంట్లోకి తేకుండా వరండాలోనే ఉంచాను. తిరిగి వచ్చాక బ్యాటరీ చల్లారేదాకా గంట ఆగి ఛార్జింగ్ పెట్టేవాణ్ని. బండి చుట్టుపక్కల పాత పేపర్లు, గోనె సంచులు ఉండనివ్వలేదు. ఇవన్నీ సరైన పనులే, ఇప్పటికీ చేస్తున్నాను. అయితే నా భయమంతా బండి మీదే ఉంది. ప్రమాదం బ్యాటరీలో పుడుతుందనుకున్నాను గానీ, దానికి కరెంటు ఇచ్చే గోడ వైపు ఒక్కసారి కూడా అనుమానంగా చూడలేదు.

గోడ మాత్రం సూచనలు ఇస్తూనే ఉంది. రాత్రిపూట వరండా వైపు ఏదో నీచు వాసన వస్తోందని అమ్మ ఒకటి రెండు సార్లు అంది. కాలవ వాసన అయ్యుంటుందన్నాను. సాకెట్లు చేసే కొన్ని రకాల ప్లాస్టిక్ వేడెక్కితే అచ్చం చేపల వాసన వస్తుందని నాకప్పుడు తెలియదు. సాకెట్టుకున్న రెండు కింది కంతల్లో ఒకదాని చుట్టూ తెలుపు పోయి లేత గోధుమ రంగు తిరిగింది. పాతబడి అలా అయిందనుకున్నాను. పాతబడితే రెండూ ఒకేలా రంగు మారాలి కదా అన్న ఆలోచన రాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అనుకోకుండా బయటికి వెళ్లాల్సి వచ్చింది. పొద్దున ఛార్జింగ్ పెట్టి రెండు గంటలు కావస్తోంది. స్విచ్ ఆపి, కన్వర్షన్ ప్లగ్గును సాకెట్టులోంచి లాగాను. మెత్తగా, సాగినట్టు వచ్చింది. పిన్ను వేలికి తగలగానే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. చిటికెన వేలి పక్కన బొబ్బ లేచింది. పగలు, మెలకువగా ఉండి, ఛార్జింగ్ మధ్యలో ఆ ప్లగ్గును నేను ముట్టుకోవడం అదే మొదటిసారి. వేలు నీళ్ల కింద పెట్టుకుని నిలబడ్డప్పుడు నాకు తట్టింది ఒకటే మాట: ఇది ఈ రోజు కొత్తగా కాలింది కాదు, ప్రతి రాత్రీ ఇంతే కాలుతూ ఉండి ఉంటుంది.

ఇప్పుడు నా లెక్క దగ్గరికి వద్దాం. మూడున్నర ఆరు కంటే తక్కువ అన్నది నిజమే. కాకపోతే ఆరు ఆంపియర్లు అన్న మాట, లోపలి ఇత్తడి పట్టీలు కొత్తగా, శుభ్రంగా, పిన్నును గట్టిగా పట్టుకున్నప్పటి సంగతి. ముప్పై ఏళ్ల సాకెట్టులో ఆ పట్టీలు వదులైపోతాయి, మసి పడుతుంది. పైగా నేను మధ్యలో ఇంకో వస్తువు దూర్చాను. గోడ సాకెట్టు దగ్గర ఒక అతుకు, కన్వర్షన్ ప్లగ్గు లోపల మరో అతుకు. ఛార్జర్ లావు వైరు బరువు కిందికి లాగుతుంటే ఆ ప్లగ్గు రోజూ కాస్త వంగి వేలాడేది. పిన్ను పట్టీని నిండుగా తాకకుండా ఏదో ఒక మూలన ఆనుకుని ఉండేది.

మంచి అతుకులో కరెంటుకు అడ్డు దాదాపు ఉండదు. వదులు అతుకులో ఒక ఓం దాకా అడ్డు వచ్చిందనుకుందాం. వేడి లెక్కకు ఆంపియర్లను వాటితోనే గుణించి, ఆ అడ్డుతో మళ్లీ గుణించాలి. మూడున్నర మూడున్నరలు పన్నెండు పైచిలుకు, అంటే పన్నెండు వాట్లు. వెనకటి జీరో బల్బు ఇంచుమించు అంతే తినేది, వెలుగుతున్నప్పుడు దాన్ని చేత్తో పట్టుకోలేకపోయేవాళ్లం. ఆ బల్బును గాలి ఆడని సాకెట్టు డబ్బాలో పెట్టి ఐదు గంటలు వెలిగిస్తే ఎలా ఉంటుందో, మా గోడలో రాత్రిళ్లు అదే జరిగింది. వేడికి పట్టీ ఇంకా వదులవుతుంది, వదులైనకొద్దీ వేడి ఇంకా పెరుగుతుంది. ఇస్త్రీపెట్టె ఇంతకంటే ఎక్కువ కరెంటే తీసుకుంటుంది గానీ, వేడెక్కగానే ఆగుతుంది, చల్లారాక మళ్లీ అందుకుంటుంది. పావుగంటలో మన పని కూడా అయిపోతుంది. సాకెట్టుకు ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుంది. స్కూటర్ ఛార్జర్ గంటల కొద్దీ ఆ సందు ఇవ్వదు.

అంత లావు పిన్నుల ప్లగ్గు కంపెనీవాళ్లు ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. పదహారు ఆంపియర్లు లాగుతుందని కాదు. లావు పిన్నుకు తాకే చోటు ఎక్కువ, దాన్ని పట్టుకునే పట్టీ బలమైనది, కాబట్టి మూడున్నర ఆంపియర్లు రాత్రంతా పారినా అతుకు వేడెక్కదు.

మరి ఫ్యూజు పెట్టెలో ఎంసీబీ పడిపోవాలి కదా అని మీరు అడగొచ్చు. నేనూ దాని ధైర్యంతోనే ఉన్నాను. ఎంసీబీ చూసేది ఎంత కరెంటు పోతోందన్నదే. వదులు అతుకు వల్ల కరెంటు పెరగదు. మూడున్నర ఆంపియర్లే పోతుంటాయి, మధ్యలో ఒక చోట గోడ కాలుతుంటుంది. ఎంసీబీ దృష్టిలో అంతా బాగున్నట్టే. నిప్పు అంటుకుని వైర్లు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయ్యాకే దానికి కబురందుతుంది.

బొబ్బ లేచాక బుద్ధి వచ్చిందని చెప్పడానికి లేదు, ఎందుకంటే దీనికంటే పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. మర్నాడే దొరికిన ఒక కుర్ర ఎలక్ట్రీషియన్ను పిలిచి, "తమ్ముడూ, ఇక్కడ పదహారు ఆంపియర్ల సాకెట్టు పెట్టెయ్" అన్నాను. పాత సాకెట్టు తీసి, అదే బోర్డులో పెద్దది పెట్టాడు. వెనక వైరు మాత్రం పాతదే, బల్బుకోసం లాగిన ఒక ఎస్‌క్యూ ఎంఎం వైరు. ముఖం మారింది, ఒళ్లు మారలేదు. ఆ సంగతి అడగాలని నాకు తోచలేదు.

కొత్త సాకెట్టులో ఛార్జర్ పెట్టగానే దాని మీద ఎర్ర లైటు వెలిగింది. ఎర్త్ లేదని దాని అర్థం. కన్వర్షన్ ప్లగ్గుతో ఉన్నన్నాళ్లు కూడా ఆ లైటు వెలుగుతూ ఆరుతూ ఉండేది, ఛార్జింగ్ ఎక్కుతోంది కదా అని పట్టించుకోలేదు. ఈసారి ఛార్జర్ అసలు మొదలవనని మొండికేసింది. కుర్రాడు "ఒక్క నిమిషం సార్" అని సాకెట్టు విప్పి, లోపల ఏదో చేసి మూశాడు. లైటు పచ్చగా మారింది. ఏం చేశావని నేను అడగలేదు. పచ్చ లైటు చూసి డబ్బులిచ్చి పంపించాను.

మా వీధిలో విద్యుత్ శాఖలో లైన్‌మ్యాన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు, బాబాయ్ అంటాను. ఒక సాయంత్రం మా వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ, "ఈ బోర్డుకు ఎర్త్ వైరు ఎక్కణ్ణుంచి తెచ్చారు బాబూ?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. మెయిన్ ఆపించి, సాకెట్టు విప్పి, నన్ను దగ్గరికి పిలిచి చూపించారు. ఎర్త్ టెర్మినల్‌కు బయటినుంచి ఏ వైరూ రావడం లేదు. దాని నుంచి న్యూట్రల్ టెర్మినల్‌కు వేలెడు పొడుగు తీగ ముక్క ఒకటి బిగించి ఉంది.

"న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేశాడు. ఎర్త్ ఉందని ఛార్జర్ మోసపోయింది" అన్నారు. మోసపోతే ఏమవుతుందని అడిగాను. ఆయన నిదానంగా చెప్పారు. ఛార్జర్ పైన ఉన్నది లోహపు డొక్కు. ఎర్త్ పిన్ను నేరుగా ఆ డొక్కుకే కలిసి ఉంటుంది. మీ న్యూట్రల్ హాలు బోర్డులోంచి తిరిగి వరండాకు వస్తుంది. హాలుకు ముందెక్కడైనా ఒక స్క్రూ వదులై న్యూట్రల్ తెగిందనుకోండి. హాల్లో ఫ్యాను స్విచ్ వేసి ఉంటే చాలు, ఫేజు ఆ ఫ్యాను గుండా తెగిన న్యూట్రల్ వైరులోకి వచ్చి, అక్కణ్ణుంచి ఈ తీగ ముక్క గుండా ఛార్జర్ డొక్కు మీదికి వచ్చి కూర్చుంటుంది. ఫ్యాను తిరగదు, కరెంటు పోయిందనుకుంటారు. డొక్కు మీద మాత్రం ప్రాణం తీసే కరెంటు ఉంటుంది.

"ఛార్జర్ స్విచ్ ఆపి ఉంటే?" అన్నాను.

"స్విచ్ ఆపేది ఫేజునే బాబూ. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ స్విచ్ ఉండదు. ప్లగ్గు గోడకు ఉంటే చాలు."

ఆయన చెబుతున్నంతసేపూ నేను ఛార్జర్ వైపే చూస్తున్నాను. దాన్ని వరండా గోడకు మేకు కొట్టి, నేలకు జానెడు ఎత్తున తగిలించాను. రోజూ తెల్లవారుజామున అమ్మ వాకిలి కడుగుతుంది. వట్టికాళ్లతో, తడి చేతులతో ఆ వరండా అంతా బకెట్టు జరుపుకుంటూ తిరుగుతుంది. ఛార్జర్ మీద నీళ్లు పడకుండా దాన్ని ఒక చేత్తో పక్కకు జరిపి, అక్కడ కడిగి, మళ్లీ వదిలేస్తుంది. అది నేను ఎన్నోసార్లు చూశాను. ఎప్పుడైనా ఒక్క స్క్రూ వదులై ఉంటే అన్న ఆలోచన రాగానే కాళ్లలో సత్తువ పోయింది. ఎర్త్ లేదని ఛార్జర్ నిజమే చెప్పింది. దానికి ఎర్త్ ఇవ్వాల్సింది పోయి, దాని నోరు నొక్కించి, సమస్య తీరిందని డబ్బులు కూడా ఇచ్చాను. చేసినవాడు కుర్రాడు. చేయించుకుని, అడగకుండా ఊరుకున్నవాణ్ని నేను.

ఆ తర్వాత బాబాయ్ దగ్గరుండి చేయించారు. వరండా బోర్డును బల్బుకే వదిలేసి, మెయిన్ బోర్డు నుంచి ఛార్జింగ్‌కు విడిగా లైను లాగించారు. ఫేజుకు, న్యూట్రల్‌కు, ఎర్త్‌కు రెండున్నర ఎస్‌క్యూ ఎంఎం రాగి వైర్లు, పైపులో. దానికి పదహారు ఆంపియర్ల ఎంసీబీ, దానితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వరండాలో ఛాతీ ఎత్తున, వాన జల్లు కొట్టని గోడకు, మూత ఉన్న పెట్టెలో స్విచ్‌తో కూడిన పదహారు ఆంపియర్ల సాకెట్టు. ఛార్జర్‌కు దాని పక్కనే గాలి ఆడేలా ఇనుప స్టాండు కొట్టించాం, ఇప్పుడు దాని బరువు వైరు మీదా ప్లగ్గు మీదా పడదు. పెరట్లో బొగ్గు, ఉప్పు వేసి కొత్త ఎర్త్ గుంట తీయించాం.

ఎర్త్ ఇంత బాగా చేస్తున్నప్పుడు ఆర్‌సీసీబీ ఎందుకని అడిగాను. ఎండాకాలంలో గుంట ఎండిపోతుందన్నారు. నీళ్లు పోయడం మర్చిపోతే ఎర్త్ నిరోధం ఇరవై ఓంలకు చేరొచ్చు. అప్పుడు ఫేజు డొక్కుకు తగిలితే భూమిలోకి పోయే కరెంటు 230ని ఇరవైతో భాగిస్తే వచ్చేది, అంటే పదకొండున్నర ఆంపియర్లు. పదహారు ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కే కాదు, పడదు. డొక్కు అలాగే కరెంటుతో నిలిచి ఉంటుంది. ఆర్‌సీసీబీ చూసేది వేరు. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా కన్ను మూసి తెరిచేలోపు లైను కొట్టేస్తుంది. దానికున్న టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూస్తున్నాను. నొక్కినప్పుడు పడకపోతే అది ఉన్నా లేనట్టే.

ఆర్‌సీసీబీ ఉంది కదా అని వదులు అతుకును మర్చిపోవడానికి మళ్లీ వీల్లేదు. అక్కడ కరెంటు ఎక్కడికీ కారిపోవడం లేదు, వెళ్లినదంతా తిరిగి వస్తోంది, కాబట్టి ఆర్‌సీసీబీకి కూడా అది కనబడదు. వాసన, రంగు మారడం దాకా పోకముందే దాన్ని కనిపెట్టగలిగేది చెయ్యే, అదీ ఛార్జింగ్ సాగుతున్నప్పుడు. కొత్త పాయింటు మీద మొదటి ఛార్జింగ్ రాత్రి పెట్టలేదు. సెలవు రోజు పొద్దున పెట్టి, గంట తర్వాత స్విచ్ ఆపి, ప్లగ్గు లాగి పిన్నులు చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి, వేళ్ల మధ్య పట్టుకుని ఎంతసేపైనా ఉండొచ్చు. మళ్లీ పెట్టి, మరో రెండు గంటలకు చూశాను, అంతే ఉన్నాయి. అప్పుడే రాత్రికి వదిలాను. ఇప్పటికీ నెలకోసారి సెలవు పూట అలా చూస్తుంటాను. ఒక పిన్ను మామూలుగా ఉండి రెండోది చురుక్కుమంటే, ఆ పిన్ను వైపు పట్టీయో వెనక స్క్రూయో వదులైందని అర్థం. ఆ రోజు నుంచి ఆ సాకెట్టు వాడకూడదు, మార్పించేయాలి.

ఎర్త్ సంగతి మల్టీమీటరుతో ఎలా పట్టుకోవాలో కూడా బాబాయ్ చూపించారు. మీరు ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, ఎదురుగా నిలబడి చూడండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 దరిదాపుల్లో రావాలి, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య, ఇంట్లో గీజరో మోటారో నడుస్తున్నప్పుడు, ఒకటి రెండు వోల్టులు కనబడటం సహజం. అక్కడ కచ్చితంగా సున్నా వచ్చిందంటే సంతోషించకండి, సాకెట్టు విప్పించి తీగ ముక్క ఉందేమో వెతికించండి. పదులకొద్దీ వోల్టులు వస్తే ఎర్త్ వైరు ఎక్కడో తెగి గాల్లో ఉందనో, న్యూట్రల్ ఎక్కడో వదులైందనో అనుమానించాలి.

ఈమధ్య మా బావమరిది హైదరాబాద్‌లో స్కూటర్ కొన్నాడు. అపార్ట్‌మెంట్‌లో వాడిది రెండో అంతస్తు. బాల్కనీలోంచి పార్కింగ్‌లోకి ఎక్స్‌టెన్షన్ వైరు వదిలి రాత్రిళ్లు ఛార్జింగ్ పెడుతున్నానని, అంతా బాగానే ఉందని, పొద్దున చూస్తే ప్లగ్గు చల్లగా ఉంటోందని ఫోన్లో చెప్పాడు. ఆ చివరి మాట వినగానే మిగతా పనులు ఆపి, బాల్కనీలో ప్లగ్గు ఎలా ఉందో, వైరు మీద ఏం రాసి ఉందో ఫొటోలు పంపమన్నాను. ఆరు ఆంపియర్ల స్పైక్ గార్డు, సెల్‌ఫోన్లకూ టీవీకీ వాడే సన్న వైరు, సగం దాకా చుట్టలు చుట్టి రెయిలింగ్‌కు కట్టి ఉంది. చుట్టిన వైరులో వేడి బయటికి పోదు. ఆ రాత్రికి పీకేయమన్నాను. మీటర్ల గది ఎలాగూ కింద పార్కింగ్‌లోనే ఉంటుంది, అసోసియేషన్‌తో మాట్లాడి, తన మీటరు తర్వాతి నుంచి విడిగా రెండున్నర ఎస్‌క్యూ ఎంఎం లైను, ఎంసీబీ, ఆర్‌సీసీబీతో తన బండి ఆగే చోటికి వేయించుకోమన్నాను. అది అయ్యేదాకా బయటి ఛార్జింగ్ స్టేషన్లో నింపుకుంటున్నాడు. లైను పని వచ్చే వారం మొదలవుతుందట. సాకెట్టు మూసే ముందు, ఎర్త్ టెర్మినల్‌కు వచ్చిన పచ్చ వైరు రెండో చివర ఎక్కడ కలిసిందో చూపించమని ఎలక్ట్రీషియన్ను అడగమని వాడికి చెప్పాను.